గులాబి పోయినాక

ఆదోని,
జూన్ 16

నాగమ్మ చిన్నమ్మకు గౌరి రాసేది.

నేను బాగుండా. ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజీ పెడితే ఫోను పక్కింటి బాలరాజు చేతిలో ఉంటాది, వాడు నీకు చూపిచ్చేది ఎప్పుడో. అందుకే ఈ కాగితం.

పనిలో చేరినా. అత్తర్ల అంగడి. శెట్టి పేరు కేశవులు, అందరూ పెద్దాయన అంటారు. వాళ్ళ తాత కాలంలో పత్తి యాపారం చేస్తా, పక్కన ఈ అంగడి పెట్టినారంట. పత్తి పోయింది, ఇది మిగిలింది. నాయన బెంగుళూరుకి బేల్దారి పనికి పోతా నన్ను రామమ్మకి ఒప్పజెప్పి పోయినాడు. రామమ్మ మన కోసిగి మనిషే, శెట్టి ఇంట్లో వంట చేస్తాది. ఇంటి వెనక గదిలో ఇద్దరం పడుకుంటాం.

ముందు ఇద్దరు మొగపిల్లోళ్ళు చేరి పోయినారంట. ఒకడు గుట్కా, ఒకడు బీడీ. ముక్కు చెడని మనిషి కావాలని పెద్దాయన చెప్తే రామమ్మ నా పేరు చెప్పింది. పెద్దాయనకి డెబ్భై దాటినాయి. మాట తక్కువ. నన్ను పేరు కూడా అడగకుండా గాజు పుల్ల ఒకటి చెయ్యి మీద రాసి "ఏమొచ్చింది?" అన్నాడు. "గులాబి" అన్నా. "రేపటి నుంచి రా" అన్నాడు.

తలలో పూలు పెట్టకూడదు, వాసన సబ్బు వాడకూడదు. పూలు నేనెట్లాగూ పెట్టుకోవడం లేదు కదా.

ఇంతే. తింటాండా. నిద్ర వస్తాది.

గౌరి

*

ఎమ్మిగనూరు,
జూన్ 24

గౌరికి, మీ చిన్నమ్మ దీవించి రాసేది.

నీ కాగితం సూసి బాలరాజు నగినాడు, ఈ కాలంలో ఎవురమ్మా జాబులు రాసేది అని. నీ ఫోను నీ దగ్గరే పెట్టుకోరా, నా జాబు నాకు సాలు అన్నా. మగ్గాల షెడ్డులో కండెలు సుట్టి సుట్టి నా సెవులు పోయినాయి గానీ కండ్లు పోలేదు. ఏడో తరగతి సదివినా నేను. మీ అమ్మ రెండో తరగతితోనే నిలబెట్టింది.

ఏందే ఆ జాబు? కరెంటోళ్ళు మీటరు సూసి రాసిచ్చినట్ల ఉంది. తింటాండా, నిద్ర వస్తాది. ఏం తింటాండావు? ఉగ్గాని బజ్జీలు దొరుకుతాయా ఆడ? శెట్టి కసురుతాడా? ఆయనకి కొడుకులుండారా, ఎట్లాంటోళ్ళు? వయసు పిల్లవి, అన్నీ రాయాల నువ్వు.

అత్తర్ల అంగడిలో కూసోని కూడా ఏడుపు మొగమేనా? నేనైతే దినమంతా పూసుకోని ఊరేగుదును. ఈడ షెడ్డులో గంజి వాసన తప్ప ఇంగో వాసన లేదు.

ఆదివారం బస్సెక్కితే గంటలో వస్తావు. వచ్చిపో. నీ కోసం ఓళిగలు సేస్తా. ఇల్లు ఖాళీగా ఉంది.

నాగమ్మ

*

ఆదోని,
జులై 9

చిన్నమ్మకు,

నువ్వు అడిగినావు కాబట్టి పని గురించి రాస్తాండా.

పొద్దున ఏమీ తినకముందే పెద్దాయన ముందర కూసోవాల. సీసాకి ముక్కు ఆనిచ్చి పీల్చకూడదు, అట్ల పీలిస్తే ముక్కు మొద్దుబారిపోతాది. గాజు పుల్ల ముంచి మణికట్టు వెనక ఒక చుక్క, లేదంటే కాగితం ముక్క మీద ఒక చుక్క. ఆరేదాకా ఆగి, దూరం నుంచి. రెండు మూడు చూసినాక మన మోచేతి మడత మనమే వాసన చూసుకోవాల. మన ఒంటి వాసన తగిలితే ముక్కు మల్ల మామూలుకి వస్తాదంట.

మొదటి పాఠం గులాబి, గంధం. ఈ రెండూ విడదీయడం వస్తే మిగిలినవి వస్తాయి అంటాడు. ఎందుకంటే మనం కొనే గులాబి అత్తరులో ఉండేదంతా ఒట్టి గులాబి కాదు. ఉత్తరాదిలో అత్తర్లకి పేరుపడిన కనౌజు అనే ఊర్లో చేసే పద్ధతి చెప్పినాడు. రాగి డేగిసాలో గులాబి రేకులు, నీళ్ళు పోసి, మూతకి మట్టి మెత్తి మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలో పోయి ఇంగో రాగి కుండలో దిగుతాది. ఆ కుండలో ముందే గంధం నూనె పోసి నీళ్ళ తొట్టిలో కూసోబెట్టింటారు. ఆవిరి చల్లబడి నీళ్ళవుతాది, గులాబి పోయి గంధం నూనెలో చేరుతాది. మరుసటి దినం ఆ నీళ్ళు అడుగు నుంచి తీసేసి, అదే గంధం నూనెకి మల్ల కొత్త రేకుల ఆవిరి పట్టిస్తారు. అట్ల శానా దినాలు. ఒట్టి గులాబి నూనె వేరే ఉంటాది, రూహ్ అంటారు. అది కొంచెం చలికే సీసాలో గడ్డ కడతాది. దాని జోలికి పోయేంత డబ్బు ఆదోనిలో ఎవరికీ లేదంటాడు.

పెద్దాయన చెప్పేది ఏమంటే, గంధం ఇల్లు, గులాబి ఆ ఇంటికొచ్చిన సుట్టం. ఇల్లు లేకపోతే సుట్టం యాడ నిలబడతాది? గులాబి పుల్ల పెట్టగానే ఎదురొస్తాది. మధ్యాన్నానికి మెల్లగా తగ్గుతాది. అప్పుడు కింద నుంచి గంధం తేలుతాది. సాయంత్రమైనా, మరుసటి దినం స్నానం చేసేదాకా అది పోదు.

గులాబిలో కూడా రకాలుండాయి. పొద్దున కోసినదానికీ ఎండ ఎక్కినాక కోసినదానికీ తేడా నాకు తెలుస్తాది. పొద్దుటిది కొంచెం తేనె మాదిరి, కొంచెం పచ్చి మిరియాల మాదిరి కూడా. ఎండకి కోసింది ఉడికిన టీ ఆకు మాదిరి. కొంతమంది రోషా గడ్డి నూనె కలుపుతారు. అది గులాబి మాదిరే ఉంటాది గానీ ముక్కు చివర గడ్డి కోసిన వాసన గీసుకుంటా పోతాది. అది నేను మొదటి దినమే పట్టినా. పెద్దాయన రామమ్మతో "ఈ పిల్ల నిలబడతాది" అన్నాడంట.

నిన్న పరీక్ష పెట్టినాడు. రెండు కాగితాలు. ఇది గులాబి, ఇది గంధం అని చెప్పినా. సరిగ్గానే చెప్పినా.

కొడుకు పేరు శశికాంతన్న. ఆయనకి ఈ సీసాలంటే చిరాకు. ముంబై నుంచి వచ్చే స్ప్రేలు పెడితే ఎవరి ముక్కుతో పని లేదు, తెచ్చేది అమ్మేది అంటాడు. పెద్దాయన తరువాత సరుకు చూసే మనిషి లేకపోతే అంగడి ఆయన చెప్పినట్టే అవుతాది. అప్పుడు నేనూ నాయన దగ్గరికి పోయి ఇటుకలు మోయాల్సిందే.

ఆదివారం రావడానికి కుదరదు. పని ఉంటాది.

గౌరి

*

ఎమ్మిగనూరు,
జులై 19

గౌరికి చిన్నమ్మ.

రెండు దినాలు సదివినా నీ జాబు. డేగిసా, గొట్టం, నీళ్ళ తొట్టి, అంతా కండ్లకి కట్టినట్ల రాసినావు. షెడ్డులో ఆడోళ్ళకి సదివి వినిపిచ్చినా. స్వప్న అనే పిల్ల ఉంది, అది ఒక గులాబి సీసా తెప్పీమంటాది, దుడ్లు ఇస్తాదంట.

ఒకటి అడుగుతా. గులాబికి తేనె, మిరియాలు, టీ ఆకు, గడ్డి, ఇన్ని రాసినావు. గంధం గురించి ఇల్లు అన్నావు, పోదు అన్నావు. అదంతా శెట్టి సెప్పిన మాట. నీ ముక్కుకి గంధం ఎట్లుండాదో ఒక్క ముక్క రాయలేదేమే?

నేను సెవిటిదాన్నే. ఎదుటోళ్ళు సెప్పనిది నాకు తొందరగా తెలుస్తాది. నోరు సూస్తా ఉంటా కదా దినమంతా.

ఆదివారం పని ఉంటాదని రాసినావు. ఆదివారం ఆదోని బజారంతా మూసేస్తారని ఈడ అందరికీ తెలుసు. సర్లే.

నాగమ్మ

*

ఆదోని,
ఆగస్టు 2

చిన్నమ్మకు,

వానలు పడతాండాయి. పెద్దాయనకి జలుబు. ముక్కుకి తుండుగుడ్డ అడ్డం పెట్టుకోనే కూసుంటాడు.

మధు అని సరుకు తెచ్చే మనిషి వచ్చినాడు. గులాబి అత్తరు డబ్బా తెచ్చినాడు. పోయిన సారి కంటే తక్కువకే ఇస్తానన్నాడు. ముందు వచ్చే ముసలాయన కాలు విరిగిందంట, ఈయన కొత్త. గుంతకల్లులో రైలు పట్టుకోవాలని తొందర పెట్టినాడు. పెద్దాయన పుల్ల పెట్టుకోని చూసినాడు, తల ఆడిచ్చినాడు, నాకేమీ తెలియడం లేదు, నువ్వు చూడమ్మా అన్నాడు.

చూసినా. గులాబి మంచిది. పొద్దుటి కోత. గడ్డి లేదు. పుల్ల ఎత్తితే చుక్క మెల్లగా జారింది, చిక్కగా, గంధం ఉన్నప్పుడు జారేటట్ల. "గంధం ఉందా కింద?" అన్నాడు. ఉంది అన్నా.

తీసుకున్నారు. శ్రావణంలో పెళ్ళిళ్ళు ఉండాయి, చిన్న సీసాల్లోకి పోసేసినా. స్వప్నకి ఒకటి పక్కన పెట్టినా, పైసలు నా జీతంలో పట్టుకుంటారు.

నువ్వు అడిగినదానికి మల్ల రాస్తా.

గౌరి

*

ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 12

గౌరికి.

మల్ల రాస్తా అంటివి. నెల దాటిపాయ.

మొన్న మీ అమ్మ ఏడాది దినం సేసినాం. మీ నాయన బెంగుళూరు నుంచి వచ్చినాడు, మూడు గంటలు ఉన్నాడు, పోయినాడు. అందరూ నిన్నే అడిగినారు. అంగడిలో తీరుబాటు లేదంట అని సెప్పినా. అబద్దం సెప్పడం నాకు కష్టం గాదు, నాకు వినపడదు కాబట్టి ఎవురూ ఎదురు అడగరు.  దాని బిడ్డవి నువ్వు ఒక్కదానివే. నీ చేత్తో ఒక పిడికెడు బువ్వ పెట్టేదానికి గంట బస్సు దూరం అయిందా?

కోపంతో రాస్తాండా అనుకో. కోపమే. నా ఇంట్లోనే పాయ అది, నా మంచం మీదనే. ఆ మంచం నేను రోజూ సూస్తాండా. నాకు లేదా బాధ? నువ్వు ఆ పొద్దు కంట నీళ్ళు పెట్టలేదు, ఇప్పుడు గడప తొక్కవు. నీ మనసులో ఏముందో నాకు సెప్పు తల్లీ. తిట్టు నన్ను. ఊరికే ఉండొద్దు.

నాగమ్మ

*

ఆదోని,
సెప్టెంబరు 20

చిన్నమ్మకు,

ఎర్రిస్వామి అని పత్తి మార్కెట్లో దలాలి చేసే ఆయన ఉండాడు. ముప్పై ఏండ్ల నుంచి మా అంగడి గులాబినే దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకుంటాడు. ఆయన మనవరాలి పెళ్ళికి సీసాలు మా దగ్గరే తీసుకున్నాడు. వచ్చినోళ్ళకి చేతి మీద అత్తరు రాయడం వాళ్ళ ఇంట్లో మర్యాద. పెళ్ళి పొద్దున రాసినారంట. బంతి మీద కూసునే లోపల ఎవరి చేతి మీదా ఏమీ లేదు. జిడ్డు మిగిలిందంట. వియ్యంకులు చేతులు చూసుకోని నవ్వినారంట.

ఆయన అరవలేదు. అంగడికి వచ్చి చెవిలో దూది తీసి బల్ల మీద పెట్టినాడు. "కేశవులూ, పొద్దున పెట్టింది, చూడు" అన్నాడు. పోయినాడు.

శశికాంతన్న చూసి, ఇందులో గంధం చుక్క లేదు, వాసన లేని తెల్ల నూనెలో గులాబి కలిపి ఇచ్చినారు, నాయనా నీ ముక్కు పోయింది అన్నాడు. పది మంది ఉన్నప్పుడే అన్నాడు. పెద్దాయన నా వైపు చూడలేదు. నన్ను అడిగినానని చెప్పలేదు. "సరుకు చూసేది నా పని, జలుబు పూట తీసుకున్నా, తప్పు నాదే" అన్నాడు. మరుసటి దినం నుంచి ఆయన తన చోట కూసోవడం లేదు. వెనక గోడకి ఆనుకోని కూసుంటాడు. జలుబు తగ్గింది. అయినా పుల్ల ముట్టడు, ఇంత ముక్కున్న పిల్లకే గంధం తప్పు నేర్పినానంటే నా ముక్కు ఎప్పుడో పోయింది అన్నాడంట రామమ్మతో. దీపావళికి ఈ సీసాలన్నీ తీసేసి స్ప్రేలు పెట్టుకో అని కొడుక్కి చెప్పినాడు.

చిన్నమ్మా, నువ్వు అడిగినదానికి ఇప్పుడు రాస్తా. గంధం నాకు ఏమీ ఉండదు. వాసన రాదు. ఎప్పుడూ రాలేదు. నాకు జలుబు లేదు, ఏ రోగం లేదు. గులాబి వస్తాది, కర్పూరం వస్తాది, అన్నీ వస్తాయి. గంధం దగ్గర గోడ. పెద్దాయన రెండు కాగితాలు ఇస్తే వాసన ఉండేది గులాబి, ఏమీ లేనిది గంధం అని చెప్పినా. రెండూ కలిసిన సీసా అయితే చుక్క ఎంత చిక్కగా జారుతాదో చూసి, గులాబి మధ్యాన్నం దాకా నిలిచిందా లేదా చూసి చెప్పినా. గంధం ఉంటే గులాబిని పట్టుకుంటాది కదా. మధు తెచ్చిన నూనె కూడా చిక్కగానే జారింది. మధ్యాన్నం దాకా ఆగుంటే తెలిసేది. రైలు ఉందన్నాడు, ఆగలేదు.

ఇది ఎవరితో అన్నా నన్ను పంపిచ్చేస్తారు. అనకపోతే పెద్దాయన తన ముక్కు పోయిందనే నమ్ముకోని గోడకి ఆనుకోనే చచ్చిపోతాడు. రెండూ తెలుసు నాకు. తెలిసి కూడా నాకు ఏమీ అనిపిచ్చడం లేదు. బల్ల తుడుస్తా, సీసాలు కడుగుతా, తింటా.

అమ్మ పోయిన దినం నువ్వు గంధం చెక్క అరగదీసి అమ్మ మొగానికి పూసినావు. ఇంటి నిండా జనం. ఎంత మంచి గంధం, ఈరమ్మ పండుకున్నట్లే ఉంది, ఇల్లంతా వాసన అని అందరూ అన్నారు. ముక్కు ఎగబీల్చి ఏడ్చినారు. నేను అమ్మ పక్కనే కూసున్నా. వంగి మొగం దగ్గర మొగం పెట్టినా. ఏమీ రాలేదు. అందరికీ వచ్చేది నాకు రాలేదు. అప్పుడు తెలుసుకున్నా, నాలోపల ఏదో చచ్చిపోయింది, నాకు ఏ బాధా లేదు, కన్నతల్లి పోయినా ఏమీ తగలని మనిషిని నేను అని. అందుకే ఏడుపు రాలేదు. ఏడాది దినానికి వచ్చి మల్ల అట్లనే కూసుంటే అందరూ నా మొగం చూస్తారు. అందుకే రాలేదు.

స్వప్నకి బస్సులో పంపిచ్చిన సీసా పారెయ్యమని చెప్పు. అదీ ఆ డబ్బాలోదే.

గౌరి

*

ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 25

నా బంగారు గౌరీ,

నీ జాబు షెడ్డులో సదివినా. మగ్గాలు ఆడతానే ఉండాయి, నేను ఏడ్సింది ఎవురికీ వినపడలేదు, నాకూ వినపడలేదు. బాలరాజును తోలి తెల్ల కాగితం తెప్పిచ్చినా. సగం రాసి సింపినా. ఇది మూడోది.

పిచ్చిదానా. మీ అమ్మకి కూడా గంధం వాసన రాదు.

నిజం సెప్తాండా. మా సిన్నప్పుడు ఊర్లో పెండ్లయితే గంధం తీసే పని ఆడపిల్లలకి ఇస్తారు. మీ అమ్మ సాన మీద నీళ్ళు సల్లి అరగదీస్తా ఉంటాది, దాని సేతులు మంచివి, మెత్తగా తీస్తాది. తీస్తా తీస్తా నన్ను పిలిసి, "నాగీ, వాసన వచ్చిందా సూడు" అంటాది. నేను వచ్చిందక్కా అంటా. ఇంగో నిముసానికి మల్ల అడుగుతాది. "నీకు ముక్కు లేదా?" అని నేను కసిరేదాన్ని. అది నగి, "గంధానికి వాసన ఏముంది నాగీ, సల్లగుంటాది, అంతే" అనేది. ఎకసెక్కెం ఆడతాంది అనుకున్నా నేను. అందరం అట్లనే అనుకున్నాం. పెండ్లయినాక కూడా ఇదే మాట. మీ నాయన తిరునాళ్ళలో మైసూరు గంధం సబ్బు కొనిస్తే, ఇది ఒట్టి సబ్బు, వాసన లేంది అంటగట్టినారు నీకు అని కొట్లాడింది. ఆ సబ్బు నాకే ఇచ్చేసింది. నేను నెల వాడినా దాన్ని, ఎంత వాసన. అప్పుడు కూడా నాకు తెలియలా.

నీ జాబు సదివినాక ఇదంతా ఒకదాని ఎనక ఒకటి గుర్తొచ్చింది. నీది రాయి గుండె గాదు. మీ అమ్మ ముక్కు నీకొచ్చింది. అంతే కత. నేను పూసిన గంధం ఆ పొద్దు ఆ ఇంట్లో ఇద్దరికి తెలియలా. ఒకటి నువ్వు, ఒకటి అది.

నువ్వు ఏడ్సలేదని నేను ఎంత అనుకున్నానో మనసులో. సెమించు. పెద్దదాన్ని, అడగాల్సింది.

ఇప్పుడు అంగడి సంగతి. నాకు సెవులు పోయినప్పుడు షెడ్డులో ఎవురికీ సెప్పలేదు, పని పోతాదని. కండె ఖాళీ అయిందని పిలిస్తే పలకకపోతే పొగరు అనుకున్నారు. ఒక దినం ఓనరుకే సెప్పినా, నాకు వినపడదు, సెయ్యి ఎత్తితే వస్తా అని.  ఆయన, సరే సెయ్యి ఎత్తమంటా అన్నాడు. మీ శెట్టి అట్లంటాడో లేదో నాకు తెలియదు. గెంటేస్తే గెంటేసినాడు, ఈడికి రా, షెడ్డులో పని ఉంది, నా ఇల్లుంది. ఆ ముసలాయన మాత్రం లేని రోగాన్ని నెత్తిన పెట్టుకోని గోడకి ఆనుకున్నాడు. నువ్వు ఏడాది అదే పని సేసినావు. దాని బాధ నీకు తెలుసు. పోయి సెప్పు.

నీ చిన్నమ్మ నాగమ్మ

*

ఆదోని,
అక్టోబరు 4

చిన్నమ్మకు,

నీ జాబు వచ్చినాక నాలుగు దినాలు జేబులో పెట్టుకోని తిరిగినా. అయిదో దినం పొద్దున, శశికాంతన్న రాకముందు, పెద్దాయన దగ్గరికి పోయినా. గోడ దగ్గర నేను కూడా కూసున్నా.

"అయ్యా, మీ ముక్కు పోలేదు. నాకు గంధం తెలియదు. ఆ పొద్దు ఉందని అబద్దం చెప్పినా" అన్నా.

ఆయనకి మొదట అర్థం కాలేదు. అంతా చెప్పినా, కాగితాలు, చుక్క జారడం, అన్నీ. ఆయన లేచినాడు. నాలుగు సీసాలు తెచ్చి, నా కండ్లకి తుండుగుడ్డ కట్టి, కాగితాలు ఇచ్చినాడు. చుక్క జారేది చూడడానికి లేదు కదా. గులాబి చెప్పినా. గంధం దగ్గర ఏమీ లేదన్నా. ఒట్టి కాగితం దగ్గర కూడా ఏమీ లేదన్నా. మల్ల మల్ల ఇచ్చినాడు. గంధానికీ ఒట్టి కాగితానికీ ఒకటే మాట చెప్పినా. ఆయన అవే కాగితాలు తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. శానా సేపు పెట్టుకున్నాడు.

"నాకు వస్తాంది. బాగా వస్తాంది" అన్నాడు. "నా ముక్కు బాగానే ఉంది." నా సంగతి మర్చిపోయినాడు. చిన్నపిల్లోని మాదిరి సీసా తర్వాత సీసా మూత తీసి చూసుకుంటాండాడు.

శశికాంతన్న వచ్చినాక పెద్దాయన, మధు సరుకులో మిగిలిన సీసా ఒకటి తీసి, మందుల అంగడి నుంచి స్పిరిట్టు తెప్పిచ్చినాడు. రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో మంచి గంధం అత్తరు చుక్కలేసినాడు. కరిగిపోయి నీళ్ళ మాదిరి తేటగా ఉంది. ఇంగోదాంట్లో మధు అత్తరు వేస్తే కలవలేదు, తెల్లగా మురికై నూనె బొట్లుగా విడిపోయింది. ఈ పద్ధతి ఆయనకి ముందే తెలుసంట, ముక్కుండగా ఇదెందుకులే అని మానేసినాడంట. "ఇంగ మీద డబ్బా వచ్చినప్పుడల్లా ఇది చేసినాకే లోపలికి" అన్నాడు. ఎర్రిస్వామి ఇంటికి తానే నడిచిపోయి, కొత్త సీసాలిచ్చి, జరిగింది చెప్పి వచ్చినాడు.

శశికాంతన్న నన్ను పంపిచ్చెయ్యమన్నాడు. అబద్దం చెప్పిన మనిషి, పైగా సగం ముక్కు అన్నాడు. ఆయన అన్నది తప్పు కాదు. పెద్దాయన గులాబి అత్తరులో రోషా గడ్డి నూనె ఒక్క చుక్క కలిపి ముగ్గురికీ ఇచ్చినాడు. శశికాంతన్న బాగుందన్నాడు. పెద్దాయన తనకి గంధమే నిండా ఉంది, గడ్డి తెలియడం లేదన్నాడు. నాకు పుల్ల పెట్టగానే గీసుకోని వచ్చింది. నా ముక్కులో గంధం లేదు కదా, గులాబి ఒక్కటే ఉంటాది, దాంట్లో ఏం కలిపినా తెలుస్తాది. "గులాబి ఈ పిల్ల చూస్తాది. గంధం నేను చూస్తా. నేను పోయినాక స్పిరిట్టు చూస్తాది" అన్నాడు కొడుకుతో. అబద్దానికి మాత్రం నెల జీతంలో కోత పెట్టినాడు. సరే అన్నా.

ఇదంతా జరిగేటప్పుడు కూడా నాకు సంతోషం రాలేదు చిన్నమ్మా. పని నిలబడింది అనుకున్నా, అంతే.

సాయంత్రం ఆయన తన చోట కూసోని, సీసాలు సర్దుకుంటా, ఊరికే అడిగినాడు. "ఇట్లాంటి ముక్కు నేను ఇన్నేండ్లలో చూడలేదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అమ్మకి" అన్నా.

అమ్మ అనే మాట నోటితో అని ఏడాది దాటింది. చిన్నమ్మా అని నీకు రాస్తా గానీ, ఆ మాట ఒక్కటే పెట్టి ఎవరితోనూ అనలేదు. ఆయన, అట్లనా, ఆమెను ఒకసారి తీసుకురా, చూస్తా అన్నాడు. ఆయనకి తెలియదు. రామమ్మ చెప్పలేదేమో. నేను చెప్పాల్సి వచ్చింది.

"లేదయ్యా. చచ్చిపోయింది."

ఆ మాట నా చెవిలో పడింది. బల్ల పట్టుకోని కింద కూసున్నా. నోరు మూసుకుందామంటే మూతపడలేదు. బజారులో పోయేవాళ్ళు నిలబడి చూసినారు. శశికాంతన్న నీళ్ళు తెచ్చినాడు. పెద్దాయన వచ్చినోళ్ళని తానే చూసుకున్నాడు. అంగడి మూసేదాకా ఏడ్చినా. రామమ్మ వచ్చి ఎత్తుకోని పోయింది. ఇప్పుడు రాస్తా రాస్తా కూడా ఆగడం లేదు, అక్షరాలు తడిసినాయి, నువ్వే కూడబలుక్కో.

నొప్పిగా ఉంది. శానా నొప్పిగా ఉంది. ఇన్నాళ్ళు ఇది యాడుండిందో తెలియదు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాండా. ఆ మంచం మీద పడుకుంటా. ఓళిగలు వద్దు, ఏమీ వద్దు. నువ్వు ఇంట్లో ఉండు, అంతే.

అమ్మ లేదు చిన్నమ్మా.

గౌరి